పాత రివ్యూ సెర్చ్ స్ట్రాటజీ, క్రైటీరియా తీసుకుంటే క్రెడిట్ ఎలా ఇవ్వాలి? (ఫ్లోరోసిస్ రివ్యూ, నల్గొండ)

మునుగోడు పీజీ

అందరికీ నమస్కారం. నేను నల్గొండలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నా. థీసిస్‌తో పాటు ఒక సిస్టమాటిక్ రివ్యూ మొదలుపెట్టాం. ఫ్లోరైడ్ తీసేసిన నీళ్లు గానీ, నది నీళ్లు గానీ వచ్చాక ఆ ఊళ్ల పిల్లల పళ్లలో ఫ్లోరోసిస్ తగ్గిందా అన్నది ప్రశ్న. పని చేసేది నేనూ మా సీనియర్ అక్కా ఇద్దరమే, గైడ్ సార్ పేరు మూడోది.

నీటి ఫ్లోరైడేషన్ మీద విదేశాల వాళ్లు చేసిన ఒక పెద్ద రివ్యూ దొరికింది. చివర అనుబంధంలో సెర్చ్ స్ట్రాటజీ లైను లైనుగా ఇచ్చారు, నేను సొంతంగా రాస్తే అంత బాగా రాదు. ఇన్‌క్లూజన్ క్రైటీరియా కూడా దాదాపు మాకు కావాల్సినట్టే ఉన్నాయి. ఇక మెథడ్స్‌లో "ఇద్దరు రచయితలు విడివిడిగా స్క్రీన్ చేశారు, తేడా వస్తే మూడో రచయిత తేల్చారు" లాంటి వాక్యాలు ప్రతి రివ్యూలోనూ ఒకేలా ఉంటాయి కదా. ఈ మూడూ తీసుకోవచ్చా? తీసుకుంటే ఎక్కడ ఏమని రాయాలి? గైడ్ సార్ "రిఫరెన్స్ లిస్టులో పెట్టు, చాలు" అన్నారు. అక్క మాత్రం ముట్టుకుంటే ప్లేజియరిజమే అంటోంది. వచ్చే వారం ప్రాస్పెరోలో ప్రోటోకాల్ పెట్టాలి, టెన్షన్‌గా ఉంది.

పాలమూరు స్టాట్స్

టెన్షన్ ఎందుకు తమ్మీ. పద్ధతికి కాపీరైట్ ఉండదు. సెర్చ్ స్ట్రాటజీ అంటే కొన్ని పదాలు, మధ్యలో AND, OR. అది ఎవరి సొత్తూ కాదు. అసలు సైన్స్‌లో ఒకరి పద్ధతి ఇంకొకరు వాడాలి, అప్పుడే ఫలితాలు పోల్చగలం. క్రైటీరియా కూడా అంతే. తీసుకో, వాడుకో. రిఫరెన్స్ పెడితే మంచిది, పెట్టకపోయినా ఎవరూ అడగరు.

కోదాడ డెంటల్

అలా చేయొద్దు బ్రో, ఉన్న రివ్యూనే మళ్లీ చేస్తే వేస్ట్. ప్రాస్పెరోలో ముందే రిజిస్టర్ అయి ఉంటే నీది డూప్లికేట్ అవుతుంది, జర్నల్ వాళ్లు కూడా తీసుకోరు. టాపిక్ మార్చుకో.

మునుగోడు పీజీ

అన్నా, అదే రివ్యూ మళ్లీ చేయడం లేదు. వాళ్లది నీళ్లలో ఫ్లోరైడ్ కలిపితే పుచ్చుపళ్లు తగ్గుతాయా అన్న ప్రశ్న, ఫ్లోరోసిస్‌ను దుష్ప్రభావంగా చూశారు. మాది ఎక్కువైన ఫ్లోరైడ్ తీసేస్తే ఏమవుతుందని. ప్రాస్పెరోలో వెతికాను, సరిగ్గా ఇదే ప్రశ్నతో ఏదీ కనబడలేదు.

లైబ్రరీ అక్క, మహబూబ్‌నగర్

నేను మెడికల్ లైబ్రరీలో పనిచేస్తా, రివ్యూలకు సెర్చ్‌లు రాయడమే నా రోజువారీ పని, కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా.

పాలమూరు స్టాట్స్ గారు చెప్పినదాంట్లో సగం కరెక్ట్. సెర్చ్‌ను తిరిగి వాడటం తప్పు కాదు, నిజానికి అలా వాడుకోవాలనే వాటిని పూర్తిగా అచ్చు వేస్తారు. కానీ "పెట్టకపోయినా ఎవరూ అడగరు" అన్నది ఇప్పుడు నిజం కాదు. 2021లో వచ్చిన ప్రిస్మా-ఎస్ అనే చెక్‌లిస్టు సెర్చ్ రిపోర్టింగ్ కోసమే తయారైంది, అందులో 16 అంశాలున్నాయి. 10వ అంశం ఫిల్టర్ల గురించి: ఎవరైనా ప్రచురించిన ఫిల్టర్ వాడితే ఉన్నదున్నట్టు వాడారా, మార్చారా చెప్పి దాన్ని సైట్ చేయాలి. 11వ అంశం అచ్చంగా నీ ప్రశ్నే. వేరే రివ్యూ సెర్చ్‌ను పూర్తిగా గానీ పెద్ద భాగం గానీ తీసుకుంటే ఆ మాట చెప్పి ఆ రివ్యూను సైట్ చేయాలి. చెక్‌లిస్టు అడిగే జర్నల్‌లో ఈ గడి ఖాళీగా ఉంటే రివ్యూవర్ తప్పకుండా అడుగుతారు.

మీ సార్ చెప్పినట్టు లిస్టులో మాత్రమే పెడితే ఎందుకు చాలదంటే, లిస్టులో అరవయ్యో డెబ్బయ్యో పేపర్లుంటాయి. ఆ రివ్యూ నుంచి నువ్వు ఒక వాక్యం తీసుకున్నావా, సెర్చ్ మొత్తం తీసుకున్నావా అన్నది చదివేవాడికి ఎలా తెలుస్తుంది? క్రెడిట్ మెథడ్స్‌లో, సెర్చ్ గురించి చెప్పే చోటే ఉండాలి. ఏం తీసుకున్నావో, ఏం మార్చావో రెండూ చెప్పాలి. ఆ రివ్యూ CC BY లైసెన్స్‌తో వచ్చి ఉంటే, మార్పులు చేశామని చెప్పడం ఆ లైసెన్స్ షరతు కూడా.

ఇంకో మాట. ఆ సెర్చ్ ఏ ప్లాట్‌ఫామ్‌కు రాసింది? నువ్వు ఎక్కడ నడుపుతావు? మొదటి కొన్ని లైన్లు ఇక్కడ పెట్టు.

మునుగోడు పీజీ

థాంక్స్ అక్కా. వాళ్లది ఒవిడ్ మెడ్‌లైన్. మా కాలేజీలో ఒవిడ్ లేదు, పబ్‌మెడ్‌లోనే చేస్తాం. ఇందులోంచి తీసుకుందామనుకున్న లైన్లు ఇవి (వీటి తర్వాత కాక్రేన్ ట్రయల్ ఫిల్టర్ ఉంది):

```
1. exp Fluorosis, Dental/
2. (fluoros$ or mottl$).ti,ab.
3. (water adj3 fluorid$).ti,ab.
4. or/1-3
```

లైబ్రరీ అక్క, మహబూబ్‌నగర్

అనుకున్నదే. ఇది ఉన్నదున్నట్టు పబ్‌మెడ్‌లో అతికిస్తే సరిగ్గా పనిచేయదు, పైగా పనిచేయలేదని పెద్దగా ఎర్రర్ కూడా చూపించదు. adj3 ను అది మామూలు పదం అనుకుంటుంది. నడిపాక అడ్వాన్స్‌డ్ పేజీలో హిస్టరీ పక్కన Details నొక్కి చూడు, నీ లైనును అది ఎలా అర్థం చేసుకుందో అక్కడ కనబడుతుంది.

మార్చేటప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు మూడో లైను. ఒవిడ్‌లో adj3 అంటే రెండు పదాల మధ్య ఎక్కువలో ఎక్కువ ఇంకో రెండు పదాలు ఉండొచ్చు. పబ్‌మెడ్‌లో ~ తర్వాత రాసే అంకె, మధ్యలో ఉండగల పదాల లెక్క. అందుకని adj3 కు సమానం ~2, చాలామంది ~3 అని రాసేస్తారు. పైగా పబ్‌మెడ్‌లో ఇలా దగ్గర పదాలు వెతికేటప్పుడు * పనిచేయదు, fluoride, fluorides, fluoridated అని ఒక్కొక్కటీ విడిగా రాయాలి. ఈ సౌకర్యం పబ్‌మెడ్‌లోకి వచ్చిందే 2022 చివర్లో, అంతకు ముందు పబ్‌మెడ్‌కు రాసిన సెర్చ్‌లలో ఇది కనబడదు.

రెండో లైనులో mottl$ ఉంది చూడు. వాళ్ల సెర్చ్‌లో మిగతా లైన్లు దాన్ని అదుపులో పెట్టి ఉంటాయి. నీ దగ్గర ఒంటరిగా ఉంటే ఆకుల మీద మచ్చలు తెచ్చే మొక్కల వైరస్ పేపర్లన్నీ వచ్చి పడతాయి. పళ్లకు సంబంధించిన పదబంధాలుగా రాసుకో. నేనైతే ఇలా మొదలుపెడతా:

```
#1 "Fluorosis, Dental"[Mesh]
#2 fluoros*[tiab] OR "mottled enamel"[tiab] OR "mottled teeth"[tiab]
#3 "water fluoride"[tiab:~2] OR "water fluorides"[tiab:~2] OR "water fluoridated"[tiab:~2]
#4 defluorid*[tiab] OR "fluoride removal"[tiab] OR nalgonda[tiab]
#5 (#1 OR #2) AND (#3 OR #4)
```

nalgonda ఎందుకంటే పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన ఊరి పేరే ఉంది కదా, నీరీ వాళ్లు పెట్టిన నల్గొండ టెక్నిక్. ఆ పదం ఒక్కటే వేస్తే ఇంజినీరింగ్ పేపర్లు చాలా వస్తాయి, ఫ్లోరోసిస్‌తో కలిపితే అదుపులో ఉంటుంది. ఇది మొదటి అడుగు మాత్రమే. నువ్వు ఇంకా పదాలు చేర్చాలి.

పాలమూరు స్టాట్స్

ఇన్ని మార్పులు చేశాక అది వాళ్ల సెర్చ్ ఎలా అవుతుంది అక్కా? నాలుగు లైన్లలో మూడు మారిపోయాయి. ఇప్పుడిది తమ్ముడిదే, క్రెడిట్ అక్కర్లేదు.

లైబ్రరీ అక్క, మహబూబ్‌నగర్

అక్షరాలు మారాయి గానీ ఏ భావనలను కలపాలి, ఏ పర్యాయపదాలు వేయాలి అన్న ఆలోచన వాళ్లది. ఒవిడ్ నుంచి పబ్‌మెడ్‌కు మార్చడం కొత్తగా రాయడం కాదు. #4 మాత్రం పూర్తిగా మనది, ఆ మాటా చెప్పుకోవచ్చు. ఎంత మారితే సొంతం అవుతుందనే గీత ఎక్కడా లేదు. అనుమానం ఉన్నప్పుడు చెప్పేయడమే నయం, ఒక్క వాక్యం ఎక్కువ రాసినందుకు ఎవరూ తిట్టరు.

మునుగోడు పీజీ

చేసి చూశా అక్కా. ట్రయల్ ఫిల్టర్‌ను కూడా పబ్‌మెడ్ రూపంలో కలిపి నడిపాను. ఒక అనుమానం వచ్చింది. మన జిల్లా మీద వచ్చిన, మేం ముందే చదివిన పేపర్లు కొన్ని ఫలితాల్లో కనబడటం లేదు.

లైబ్రరీ అక్క, మహబూబ్‌నగర్

మంచి పని చేశావు, తీసుకున్న సెర్చ్‌ను పరీక్షించే పద్ధతే అది. కచ్చితంగా రావాలని నీకు తెలిసిన పేపర్ల పీఎంఐడీలు తీసుకుని ఇలా వెయ్యి, PMID1 అన్నచోట అసలు నంబరు పెట్టు:

```
(PMID1[uid] OR PMID2[uid] OR PMID3[uid]) NOT #5
```

సున్నా వస్తే అన్నీ దొరికినట్టు. ఏదైనా మిగిలితే అది తప్పిపోయిన పేపరు. దాని టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, మెష్ పదాలు తెరిచి ఏ లైను దాన్ని వదిలేసిందో వెతుకు. తర్వాత #5 బదులు ఫిల్టర్ కలిపిన లైను నంబరు పెట్టి ఇంకోసారి చెయ్యి. రెండింటి మధ్య తేడా వస్తే దోషం ఫిల్టర్‌దే.

మునుగోడు పీజీ

ఫిల్టర్ లేకుండా సున్నా వచ్చింది. ఫిల్టర్ పెడితే సగానికి పైగా పోయాయి!

డాక్టరమ్మ సూర్యాపేట

పోతాయి మరి. నేను ఎపిడెమియాలజీ చెప్తా, ఇది నా సబ్జెక్టు కాబట్టి మధ్యలో వస్తున్నా. ఆ ఫిల్టర్ ర్యాండమైజ్డ్ ట్రయల్స్‌ను పట్టడానికి తయారుచేసింది. randomized, placebo, trial, groups లాంటి పదాల్లో ఏదో ఒకటి ఉన్న పేపర్లనే ఉంచుతుంది. మన దగ్గర ఊరి నీళ్లు మార్చడాన్ని ఎవరూ ర్యాండమైజ్ చేయలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న ఊరు, తక్కువ ఉన్న ఊరు పోల్చిన సర్వేలు, ముందూ తర్వాతా చూసిన స్టడీలే ఉంటాయి. అబ్‌స్ట్రాక్ట్‌లో groups అన్న మాట అనుకోకుండా పడితే తప్ప ఆ ఫిల్టర్ వాటిని వదిలేస్తుంది. ఫిల్టర్‌లో తప్పు లేదు, అది వేరే ప్రశ్న కోసం చేసింది. తీసెయ్, తీసేశామని మెథడ్స్‌లో రాయి.

సెర్చ్ కన్నా నాకు ఎక్కువ భయం ఇన్‌క్లూజన్ క్రైటీరియాతో. అవేంటో ఇక్కడ పెట్టగలవా?

మునుగోడు పీజీ

మేడం, మేం తీసుకుందామనుకున్నవి ఇవి. పోల్చడానికి ఇంకో ప్రాంతం ఉన్న స్టడీలు మాత్రమే. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 5 మిల్లీగ్రాములు మించకూడదు. ఫ్లోరోసిస్‌ను డీన్స్ లాంటి గుర్తింపు ఉన్న ఇండెక్స్‌తో కొలిచి ఉండాలి. వయసు మాత్రం మేం 12 ఏళ్లని పెట్టుకున్నాం, సర్వేలన్నీ ఆ వయసులోనే చేస్తారు కాబట్టి.

డాక్టరమ్మ సూర్యాపేట

అనుకున్నా. ఒక్కొక్కటీ చూద్దాం.

5 మిల్లీగ్రాముల గీత వాళ్లకు సరిపోతుంది, ఎందుకంటే వాళ్లు అడిగింది తక్కువ మోతాదులో కలిపే ఫ్లోరైడ్ గురించి. మన దగ్గర తాగే నీటికి బీఐఎస్ పెట్టిన హద్దు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ఇక ఈ జిల్లా బోర్లలో 5 దాటిన రీడింగులు పేపర్లలోనే ఉన్నాయి. ఆ గీతను అలాగే తెచ్చిపెడితే, నీళ్లు మారడం వల్ల ఎక్కువ లాభం కనబడాల్సిన ఊళ్లే నీ రివ్యూ నుంచి బయటికి పోతాయి. అలా పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు, ఫ్లో చార్టులో "క్రైటీరియాకు సరిపోలేదు" అని ఒక అంకె మాత్రం కనబడుతుంది.

వయసు ఇంకా పెద్ద సమస్య. పళ్ల ఫ్లోరోసిస్ పన్ను ఎనామెల్ చిగురు లోపల తయారయ్యేటప్పుడు పడే మచ్చ. పన్ను బయటికి వచ్చాక మంచినీళ్లు తాగినా ఆ మచ్చ పోదు. లెక్క చూడు. మిషన్ భగీరథ 2016లో మొదలైంది. ఒక ఊరికి ఆ ఏడాదే నీళ్లు వచ్చాయనుకుందాం, నిజానికి చాలా ఊళ్లకు తర్వాత వచ్చాయి. 2019లో ఎవరో 12 ఏళ్ల పిల్లల్ని చూశారు. వాళ్లు పుట్టింది 2007 ప్రాంతంలో. ముందు పళ్ల ఎనామెల్ బోరు నీళ్లు తాగిన రోజుల్లోనే తయారైపోయింది. ఆ సర్వేలో ఫ్లోరోసిస్ ఏమీ తగ్గలేదని వస్తుంది, నువ్వు దాన్ని రివ్యూలో కలిపి నీళ్లు మార్చినా లాభం లేదని తేలుస్తావు. అసలు అడగాల్సింది, నీళ్లు మారాక పుట్టిన పిల్లలా కాదా అని. నీ క్రైటీరియాలో ఆ మాట ఉండాలి, అది ఆ పెద్ద రివ్యూలో దొరకదు, నువ్వే రాయాలి.

పోల్చే ప్రాంతం ఉండాలన్నది, ఇండెక్స్ ఉండాలన్నది ఉంచుకో, అవి మంచివి. ఆ రెండింటికీ వాళ్లను సైట్ చేసి, మిగతావి ఎందుకు మార్చావో ఒక్కో వాక్యం రాయి. ఏదీ చెప్పకుండా తీసుకుంటే వాళ్లకు అన్యాయం. అలాగని అన్నీ వాళ్లవే అన్నట్టు రాస్తే, వాళ్లు తీసుకోని నిర్ణయాన్ని వాళ్ల నెత్తిన పెట్టినట్టు అవుతుంది.

మునుగోడు పీజీ

మేడం, వయసు సంగతి మాకు అస్సలు తట్టలేదు. ఇప్పుడే అక్కకు పంపించా.

దేవరకొండ నర్సింగ్ స్కాలర్

నాది ఫ్లోరైడ్ కాదు, రక్తహీనత మీద పీహెచ్‌డీ. కానీ మూడో ప్రశ్న, అదే వాక్యాల సంగతి, నా దగ్గర జరిగింది కాబట్టి చెప్తున్నా. మా దగ్గర సిమిలారిటీ 10 శాతం దాటకూడదన్నారు. నా మెథడ్స్ చాప్టర్ అంతా ఎర్రగా వచ్చింది, ప్రామాణిక వాక్యాలే కదా మరి. పెద్దవాళ్లు చెప్పినందుకు ఒక టైపింగ్ సెంటర్‌లో ఇచ్చి "భాష మార్పించారు". శాతం తగ్గింది. తర్వాత చదివితే "ఇద్దరు విడివిడిగా స్క్రీన్ చేశారు" అన్నది "ఇద్దరూ కలిసి స్క్రీన్ చేశారు" అని మారిపోయి ఉంది. ఎగ్జామినర్ అదే పట్టుకుని, విడివిడిగా ఎందుకు చేయలేదని అడిగారు. మేం చేసింది విడివిడిగానే! నాకు చాలా బాధేసింది. ఇక్కడ చెప్పండి, ఆ 10 శాతం రూల్‌లో మెథడ్స్ కూడా వస్తాయా?

లైబ్రరీ అక్క, మహబూబ్‌నగర్

చెల్లీ, నీకు జరిగింది చాలా చోట్ల జరుగుతోంది. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 వరకు అయితే థీసిస్ సరిదిద్ది మళ్లీ ఇమ్మంటారు, ఆ పైన ఇంకా కఠినం. పోలిక లెక్కలోంచి తీసేయాల్సినవి కూడా అందులోనే ఉన్నాయి. కొటేషన్‌లో పెట్టి, సైట్ చేసిన భాగం, రిఫరెన్సులు, అందరికీ తెలిసిన మాటలు, వరసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసేవి. మెథడ్స్ మొత్తాన్ని తీసేయాలని మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఇది మీ యూనివర్సిటీ కమిటీ రిపోర్టును ఎలా చదువుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. శాతం చూసి ఆగిపోయే వాళ్లూ ఉన్నారు, ఎర్రగా ఉన్న వాక్యం ఏమిటో చూసేవాళ్లూ ఉన్నారు.

నేను చెప్పేది, ప్రామాణిక వాక్యాన్ని శాతం కోసం మెలిపెట్టొద్దు. అది అలా స్థిరపడింది తేడా రాకుండా ఉండాలనే. అసలు మూలం హ్యాండ్‌బుక్ అయితే హ్యాండ్‌బుక్‌ను, ఒక రివ్యూ ప్రోటోకాల్ అయితే ఆ ప్రోటోకాల్‌ను సైట్ చెయ్యి. పేరా మొత్తం తీసుకుంటే ఈ విభాగం ఫలానా ప్రోటోకాల్ మాటలను అనుసరించిందని పైనే రాసెయ్యి. రిపోర్టుతో పాటు కమిటీకి ఒక పేజీ వివరణ ఇవ్వు.

పాలమూరు స్టాట్స్

అక్కా, అది జర్నల్‌కు సరే. యూనివర్సిటీలో వివరణ ఎవరు చదువుతారు? ఇక్కడ శాతమే చూస్తారు. పిల్లలకు డిగ్రీ ఆగిపోతే ఎవరు బాధ్యులు? నేనైతే భాష మార్చుకోమంటా, అర్థం మారకుండా చూసుకుంటే చాలు. పని ఒకటే కదా.

లైబ్రరీ అక్క, మహబూబ్‌నగర్

అర్థం మారకుండా మార్చగలిగితే నాకు అభ్యంతరం లేదు, కానీ అలా మార్చినా మూలాన్ని సైట్ చేయాల్సిందే. మాటలు మార్చినంత మాత్రాన తీసుకున్నది సొంతం కాదు. కమిటీల సంగతి మీరన్నది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు.

డాక్టరమ్మ సూర్యాపేట

వాక్యాల దగ్గర ఇంకోటి ఉంది, మునుగోడు తమ్ముడి మొదటి పోస్టులోనే కనబడింది. "తేడా వస్తే మూడో రచయిత తేల్చారు" అని రాస్తానన్నావు. మీ మూడో రచయిత గైడ్ సార్. ఆయన నిజంగా కూర్చుని ఆ పేపర్లు చదివి తేలుస్తారా? తేల్చకపోతే ఆ వాక్యం ఎంత చక్కగా సైట్ చేసినా అబద్ధమే. తీసుకున్న వాక్యాల్లో నాకు ఎక్కువగా కనబడే తప్పు ఇదే. ఎంబేస్‌లో వెతికామని ఉంటుంది, కాలేజీలో ఎంబేస్ ఉండదు. భాషా పరిమితి లేదని ఉంటుంది, కానీ చైనీస్ పేపర్లను చదవకుండా పక్కన పెడతారు. ఫ్లోరోసిస్‌లో ఇది చిన్న విషయం కాదు, చైనాలో దీని మీద చాలా పని జరిగింది. వివరాల కోసం రచయితలకు రాశామని ఉంటుంది, ఒక్క మెయిల్ కూడా పంపి ఉండరు.

ప్రోటోకాల్ ప్రింట్ తీసుకుని, తెచ్చుకున్న ప్రతి వాక్యం పక్కన ఎవరు చేస్తారో పేరు రాయండి. పేరు రాయలేని వాక్యాన్ని కొట్టేయండి.

కోదాడ డెంటల్

ఓకే, ఇప్పుడు అర్థమైంది, ప్రశ్న వేరు. ఒక డౌట్. పేపర్‌గా రాకుండా ప్రాస్పెరోలో మాత్రమే ఉన్న ప్రోటోకాల్ నుంచి క్రైటీరియా తీసుకుంటే? దాన్ని సైట్ చేయొచ్చా? వాళ్లను అడగాలా?

లైబ్రరీ అక్క, మహబూబ్‌నగర్

సైట్ చేయొచ్చు, CRD42 తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది కదా, అది ఇవ్వాలి. అడగాలా అంటే, రూల్ ప్రకారం అక్కర్లేదని నా అభిప్రాయం, అది అందరికీ కనబడే రికార్డే.

డాక్టరమ్మ సూర్యాపేట

నేను ఒప్పుకోను. వాళ్ల పని ఇంకా నడుస్తోంది, ఫలితం రాలేదు. వాళ్లు నెలల తరబడి ఆలోచించి పెట్టుకున్న క్రైటీరియాతో మనం ముందే పేపర్ వేసేస్తే, సైటేషన్ ఉన్నా అది మర్యాద కాదు. ఒక మెయిల్ రాయడానికి పది నిమిషాలు పట్టదు. రికార్డులో కాంటాక్ట్ ఇచ్చేదే అందుకు.

లైబ్రరీ అక్క, మహబూబ్‌నగర్

మర్యాద అంటే సరే మేడం. తప్పనిసరి అంటే మాత్రం ఒప్పుకోలేను, జవాబు రాకపోతే పని ఆపేయాలా మరి?

పాలమూరు స్టాట్స్

తమ్మీ, సెర్చ్‌లో ఇంకోటి. మనకు కావాల్సింది తెలంగాణ పేపర్లే అయితే AND Telangana అని ఒక లైను వెయ్యి, స్క్రీనింగ్ తగ్గుతుంది.

లైబ్రరీ అక్క, మహబూబ్‌నగర్

వద్దు వద్దు. 2014 జూన్‌కు ముందు వచ్చిన నల్గొండ పేపర్లన్నిటిలో ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. 2016లో జిల్లాలు విడిపోయాక అవే ఊళ్లు కొన్ని సూర్యాపేట, యాదాద్రి పేర్లతో వస్తాయి. పైగా వీళ్ల రివ్యూ ఒక రాష్ట్రానికే అని తమ్ముడు ఎక్కడా అనలేదు. ఊరి పేరుతో కత్తిరించడం సెర్చ్‌లో కాదు, స్క్రీనింగ్‌లో చేయాలి.

మునుగోడు పీజీ

రాష్ట్రం పరిమితి లేదు అన్నా, ఎక్కడ చేసినా తీసుకుంటాం.

అందరికీ థాంక్స్. అక్కా నేనూ కూర్చుని మెథడ్స్ పేరా మళ్లీ రాశాం. జర్నల్‌కు ఇంగ్లీషులో వెళ్తుంది, ఇక్కడ తెలుగులో పెడుతున్నా, చూసి చెప్పండి:

"సెర్చ్‌ను ఫలానా రివ్యూలోని మెడ్‌లైన్ స్ట్రాటజీ ఆధారంగా తయారుచేశాం (రిఫరెన్స్ 7). ఒవిడ్ నుంచి పబ్‌మెడ్‌కు మార్చాం, ట్రయల్ ఫిల్టర్‌ను తీసేశాం, ఫ్లోరైడ్ తొలగింపుకు సంబంధించిన పదాలు చేర్చాం. పూర్తి లైన్లు అనుబంధం 1లో ఉన్నాయి. పోల్చే ప్రాంతం, ఇండెక్స్‌కు సంబంధించిన క్రైటీరియా అదే రివ్యూ నుంచి తీసుకున్నాం. 5 మిల్లీగ్రాముల పై హద్దును పెట్టుకోలేదు, ఎందుకంటే మా ప్రశ్న సహజంగా ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతాల గురించి. నీటి వనరు మారాక పుట్టిన పిల్లల వివరాలు విడిగా ఉన్న స్టడీలనే తీసుకుంటాం. ఇద్దరు రచయితలు విడివిడిగా స్క్రీన్ చేస్తారు, తేడా వస్తే చర్చించి తేలుస్తారు."

గైడ్ సార్‌ను అడిగాం, తాను పేపర్లు చదవలేనని సూటిగానే చెప్పారు, అందుకే ఆ మూడో రచయిత మాట తీసేశాం.

డాక్టరమ్మ సూర్యాపేట

బాగుంది. చివరి క్రైటీరియాతో స్టడీలు చాలా తక్కువ దొరకొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. పిల్లల పుట్టిన ఏడాది విడిగా ఇవ్వని పేపర్లను ఏం చేస్తారో ఇప్పుడే ప్రోటోకాల్‌లో రాసిపెట్టుకోండి, రచయితలకు మెయిల్ చేస్తారా, పక్కన పెడతారా అన్నది.

లైబ్రరీ అక్క, మహబూబ్‌నగర్

సెర్చ్ నడిపిన తేదీ చోటు వదిలిపెట్టు, ఆ రోజు నింపాలి, అది 13వ అంశం. ఆ పాత రివ్యూ తేదీని పొరపాటున తెచ్చిపెట్టకు. ఇంకా పబ్‌మెడ్ ఒక్కటే చాలదు, రెండో డేటాబేస్ ఏది?

మునుగోడు పీజీ

స్కోపస్ అనుకుంటున్నాం, పక్క కాలేజీలో ఉందట. ఒక్కటి అడగొచ్చా అక్కా, మీరు ఇక్కడ #1 నుంచి #5 వరకు రాసిచ్చారు, అదే వాడుతున్నాం. మీ పేరు ఎక్కడ పెట్టాలి, కృతజ్ఞతల్లోనా, రచయితల్లోనా?

లైబ్రరీ అక్క, మహబూబ్‌నగర్

ఇప్పటికి చేసినదానికి కృతజ్ఞతలు చాలు, అదీ నా అనుమతి అడిగి పెట్టాలి, అడిగావు, ఇస్తున్నా. స్కోపస్‌కు మార్చడం, పేపర్‌లో సెర్చ్ భాగం రాయడం, చివరి ప్రతి చదివి ఒప్పుకోవడం కూడా నేనే చేయాల్సి వస్తే అప్పుడు రచయితల సంగతి మీ సార్‌తో మాట్లాడదాం. స్కోపస్ లైన్లు రాసి ఇక్కడే పెట్టు, చూస్తా. అక్కడ దగ్గర పదాలకు W/2 అని రాస్తారు.

దేవరకొండ నర్సింగ్ స్కాలర్

అక్కా, కమిటీకి ఇచ్చే ఆ ఒక పేజీ వివరణ నమూనా ఏదైనా ఉంటే పెట్టండి. నా వైవా వచ్చే నెల.

పాలమూరు స్టాట్స్

నాకూ కావాలి. మా కమిటీ ముందు పెట్టి చూస్తా.